రేపటి ఆపరేషన్స్ పేపర్‌కి పుష్, పుల్ రివిజన్

మన తెలుగు బ్యాచ్‌లో సగం మంది "పుష్ అంటే ఫోర్‌కాస్ట్, పుల్ అంటే ఆర్డర్" అని బట్టీ పట్టి కూర్చున్నారు. తప్పు కాదు కానీ దానికి సగం మార్కులే పడతాయి. అసలు చూడాల్సింది పని మొదలుపెట్టమని ఎవరు చెబుతున్నారన్నది. షెడ్యూల్ చెబితే పుష్. తర్వాతి స్టేషన్ సరుకు వాడుకుని, ఖాళీ అయిందని కబురు పంపితే పుల్. పుల్‌లో మధ్యలో ఉండే సరుకుకి, అంటే డబ్ల్యూఐపీకి, ఒక హద్దు ఉంటుంది, పుష్‌లో ఉండదు. ఈ వాక్యం తప్పకుండా రాయండి.

ఫ్యాక్టరీ ఉదాహరణకి మన చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ వైపు కార్ల ప్లాంట్లనే ఊహించుకోండి. ప్రెస్ షాపులో డై మార్చడానికి టైం పడుతుంది కాబట్టి, ఎంఆర్‌పీ అనే మెటీరియల్ ప్లానింగ్ సిస్టమ్ ఇచ్చిన షెడ్యూల్ ప్రకారం ఒకే రకం డోర్ ప్యానెళ్లు పెద్ద బ్యాచ్‌గా కొట్టేస్తారు అనుకుందాం. అవతల వెల్డింగ్ లైన్ ఆగిపోయినా ఇక్కడ ప్రెస్ కొడుతూనే ఉంటుంది, ప్యానెళ్లు గుట్టలు పడతాయి. ఇది పుష్. అదే బోల్టుల డబ్బా ఖాళీ అయ్యాక దాని కాన్‌బాన్ కార్డు వెనక్కి వెళ్తేనే కొత్త డబ్బా వస్తే, అది పుల్.

ఎన్ని కాన్‌బాన్ కార్డులు కావాలన్న లెక్క కచ్చితంగా అడుగుతారు:

```
N = D × L × (1 + S) / C
```

డిమాండ్ D గంటకి 120 ముక్కలు, లీడ్ టైం L అరగంట, సేఫ్టీ S 25%, డబ్బాకి పట్టేవి C 15 అయితే N = 120 × 0.5 × 1.25 / 15 = 5 కార్డులు. L ని నిమిషాల్లో వేశారో, అంతా గోవిందా.

రిటైల్‌కి చెన్నై టి.నగర్ చాలు. దీపావళి పట్టుచీరలు నేయడానికి టైం పడుతుంది, అందుకే షాపువాళ్లు ఏ రంగు ఆడుతుందో ముందే అంచనా వేసుకుని నెలల ముందు ఆర్డర్ ఇవ్వాలి. అంచనా తప్పితే మిగిలిన స్టాకు తమిళ ఆడి మాసం తగ్గింపులో పోతుంది. పుష్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సూపర్‌మార్కెట్‌లో పాల ప్యాకెట్లు బిల్లింగ్ అయినంత మేరకే మళ్లీ నింపితే అది పుల్. షెల్ఫులో స్టాకు కనబడుతోంది కాబట్టి పుష్ అని రాయకండి, టొయోటాలో తైచి ఓనో ఈ ఆలోచన తీసుకున్నదే అమెరికన్ సూపర్‌మార్కెట్ల నుంచి.

"పుల్ ఎప్పుడూ మేలా?" అని అడిగితే కాదనే రాయండి. 1997లో ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడితే బ్రేకు వాల్వులు అందక జపాన్‌లో టొయోటా ప్లాంట్లు రోజుల తరబడి ఆగాయి, ఎందుకంటే చేతిలో నిల్వ చాలా తక్కువ.

ఇక రెండూ కలిపి నడిపే పద్ధతి. బెనెటన్ స్వెటర్లు ముందు రంగు లేకుండా అల్లి, ఏ రంగు అమ్ముడుపోతోందో చూసి తర్వాత అద్దేది. అల్లడం వరకు పుష్, అద్దకం నుంచి పుల్. ఆ మధ్య గీతే పుష్-పుల్ హద్దు, బొమ్మ గీసి దాన్ని గుర్తు పెట్టండి.