ఏకపక్ష అసెస్‌మెంట్ ఉత్తర్వు రద్దు కోసం అర్జీ

తేదీ: 9-6-2025
గౌరవనీయులైన ఆదాయపు పన్ను ప్రిన్సిపల్ కమిషనర్ గారికి,

అయ్యా,

విషయం: 2020-21 అసెస్‌మెంట్ సంవత్సరానికి 18-3-2025న 147, 144 సెక్షన్ల కింద ఇచ్చిన ఉత్తర్వుపై 264 కింద రివిజన్.

నాది తెనాలిలో కిరాణా కొట్టు. కొట్టు అమ్మకాల సొమ్మే రోజూ బ్యాంకులో కట్టేవాణ్ణి. ఆ 14,60,000 రూపాయలను లెక్కలేని డబ్బుగా తీసుకుని, వడ్డీ కాకుండా 11,38,800 పన్ను వేశారు.

నోటీసులన్నీ పాత గుమస్తా 2017లో నమోదు చేసిన ఈమెయిల్‌కే వెళ్లాయి. అతను మానేశాక దాని పాస్‌వర్డ్ కూడా నా దగ్గర లేదు. పోర్టల్‌లో మార్చుకోకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను. కానీ నోటీసు చూసి ఊరుకున్నవాణ్ణి కాను. ఏప్రిల్ 22న డిమాండ్ కాగితం పోస్టులో వచ్చేదాకా నాకేమీ తెలియదు.

అమ్మకాల పుస్తకం, సరుకు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేశాను. చిట్టా కొన్నిచోట్ల నూనె మరకలతో ఉంది, అంకెలు మాత్రం చదవొచ్చు. అప్పీలు వేయలేదు, ఆ హక్కు వదులుకుంటున్నాను. 500 రూపాయల ఫీజు చలానా కూడా ఉంది.

ఉత్తర్వు రద్దు చేసి, నా మాట విన్నాక మళ్లీ అసెస్‌మెంట్ చేయించాలని, అప్పటిదాకా వసూలు ఆపాలని ప్రార్థన. ఈమెయిల్, ఫోన్ నంబరు పోర్టల్‌లో మార్చాను.

విధేయుడు,
అర్జీదారు, తెనాలి