పదో తరగతి తర్వాత ఏ గ్రూపు? మిథున లగ్న జాతకురాలికి దశమ భావ పరిశీలన

జననం: 2010 జూన్ 19, శనివారం, ఉదయం 6 గంటల 20 నిమిషాలు, హైదరాబాద్. శ్రీ వికృతి నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ అష్టమి, ఉత్తర ఫల్గుణి రెండవ పాదం, కన్యా రాశి, మిథున లగ్నం. లాహిరి అయనాంశ. పరిశీలన జరిగినది 2026 ఏప్రిల్‌లో.

అమ్మాయిని ఇంటర్మీడియట్‌లో ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలో చేర్చాలా అన్నది తల్లిదండ్రులు అడిగిన మొదటి ప్రశ్న. తండ్రిగారి మొగ్గు ఎంపీసీ వైపు, అమ్మాయి ఇష్టం జీవశాస్త్రం వైపు ఉన్నాయని చెప్పారు. ఎంఈసీ మాట కూడా ఇంట్లో వచ్చిందట. కాలేజీ హాస్టలులో ఉంచాలా, ఇంటి నుంచే పంపాలా అన్నది రెండో ప్రశ్న.

గ్రహస్థితి ఇది. లగ్నంలో రవి, కేతువు. ద్వితీయమైన కర్కాటకంలో శుక్రుడు. తృతీయమైన సింహంలో కుజుడు. చతుర్థమైన కన్యలో చంద్రుడు, శని. సప్తమమైన ధనుస్సులో రాహువు. దశమమైన మీనంలో గురువు. వ్యయమైన వృషభంలో బుధుడు.

వృత్తిని నిర్ణయించే దశమ భావం ఈ జాతకంలో చాలా బలంగా ఉంది. దశమాధిపతి అయిన గురువు స్వక్షేత్రంలోనే, కేంద్రంలో ఉన్నందువల్ల హంస యోగం ఏర్పడింది. చంద్రునికి సప్తమ కేంద్రంలో ఉన్నందువల్ల గజకేసరి యోగం కూడా ఉంది. అయితే యోగాల పేర్లు చెప్పి ఆగిపోవడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే దశమం బలంగా ఉందన్న మాట వృత్తిలో నిలదొక్కుకుంటారని చెబుతుందే తప్ప, ఏ వృత్తి అన్నది చెప్పదు. దానికి దశమాన్ని చూస్తున్న గ్రహాలెవరో, వారి బలం ఎంతో తూచాలి.

మీనాన్ని మూడు గ్రహాలు చూస్తున్నాయి. చంద్రుడు, శని సప్తమ దృష్టితోను, కుజుడు అష్టమ దృష్టితోను చూస్తున్నారు. వీరిలో కుజుడు షష్ఠాధిపతి. షష్ఠం రోగ స్థానం, పోటీల స్థానం కూడా. అతడు సింహం నుంచి చతుర్థ దృష్టితో తన సొంత ఇల్లయిన వృశ్చికాన్ని చూస్తూ, అదే సమయంలో దశమాన్ని కూడా చూస్తున్నాడు. గురువు నవమ దృష్టి, శని తృతీయ దృష్టి కూడా ఆ షష్ఠం మీదే పడుతున్నాయి. షష్ఠానికి, దశమానికి ఇంత గట్టి సంబంధం కుదిరినప్పుడు రోగులతో, సేవతో, చికిత్సతో, వాటికి అనుబంధమైన శాస్త్రాలతో ముడిపడిన వృత్తిని సూచించడం మన సంప్రదాయం. మీనం జలరాశి, కాలపురుషునికి ద్వాదశం; ఆసుపత్రులను ఆ స్థానం నుంచే చూస్తాము.

చంద్రుని నుంచి లెక్కించినా ఫలితం మారలేదు. కన్యకు దశమం మిథునం. అక్కడ వైద్య కారకులుగా చెప్పే రవి, కేతువు ఇద్దరూ ఉన్నారు. రవి నుంచి దశమం మళ్ళీ మీనమే. లగ్న, చంద్ర, రవుల నుంచి వేర్వేరుగా చూసినప్పుడు ఒకే దిక్కుకు సూచన రావడం నేను విలువ ఇచ్చే విషయం.

ఇక బలాబలాలు. చంద్రుడు చతుర్థంలో ఉన్నందువల్ల అతనికి దిగ్బలం నిండుగా ఉంది. దశాంశ చక్రంలో వృషభంలో ఉచ్ఛ పొందాడు. బుధుని పరిస్థితి వేరు. గణితానికి, లెక్కలకు, వాణిజ్యానికి కారకుడైన బుధుడు ఈ జాతకంలో లగ్నాధిపతి, విద్యా స్థానమైన చతుర్థానికి కూడా అధిపతి. అతడు వ్యయంలో, రవికి సుమారు 11 డిగ్రీల దూరంలో అస్తంగతుడై ఉన్నాడు. మిత్రక్షేత్రంలో ఉండటం, దిగ్బలం బాగానే మిగలడం కొంత ఊరట. అందువల్ల అమ్మాయికి లెక్కలు రావని నేను అనడం లేదు. పదో తరగతి వరకు వచ్చిన మార్కులే ఆ మాటను ఖండిస్తాయి. రోజుకు అనేక గంటలు గణితమే ప్రధానంగా సాగే జేఈఈ చదువు, లగ్నాధిపతి ఇలా ఉన్నప్పుడు, ఇతరులకంటే ఈమెను త్వరగా అలసటకు గురిచేస్తుందన్నదే నా అభిప్రాయం. ఎంఈసీకి కూడా బుధుడే ఆధారం కావాలి. ద్వితీయంలోని శుక్రుని మీద గురు దృష్టి ధనానికి మంచిదే కాని, ఆ శుక్రునికి దశమంతో సంబంధం లేదు.

కాబట్టి బైపీసీ తగినదని చెబుతున్నాను. దీనికి ఒక పరిమితిని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. రాశిచక్రంలో ఇంత బలంగా ఉన్న గురువు దశాంశలో మకరంలో నీచపడ్డాడు. అంటే వృత్తిలో గౌరవం వస్తుంది కాని, తొలి అడుగులోనే రాదు. నీట్‌లో మొదటి ప్రయత్నంలోనే ఎంబీబీఎస్ సీటు వస్తుందని ఈ జాతకం చూసి హామీ ఇవ్వడం తప్పు. ఫార్మసీ, వ్యవసాయ శాస్త్రం, నర్సింగ్, జీవశాస్త్ర పరిశోధన, బోధన కూడా ఈ దశమానికి చక్కగా సరిపోతాయి. గురువు ఉపాధ్యాయ కారకుడు కదా. నీట్‌తో పాటు ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగాన్ని కూడా రాయించండి, దాన్ని రెండో తరగతి దారిగా అమ్మాయి ముందు మాట్లాడవద్దు.

కాలం విషయం. జనన కాలానికి రవి మహాదశ శేషం సుమారు 3 సంవత్సరాల 9 నెలలు. ఆ లెక్కన 2024 మార్చి నుంచి 2031 మార్చి వరకు కుజ మహాదశ. ప్రస్తుతం గురు భుక్తి 2026 ఆగస్టు వరకు ఉంది. దశమాధిపతి భుక్తిలో గ్రూపు ఎంచుకోవడం శుభం. జూన్ ఆరంభంలో గురువు గోచారంలో ఉచ్ఛ రాశి అయిన కర్కాటకానికి వచ్చి నవమ దృష్టితో దశమాన్ని చూస్తాడు. జన్మరాశికి అది ఏకాదశం. ప్రవేశానికి అనువైన సమయం ఇదే. 2026 ఆగస్టు నుంచి 2027 సెప్టెంబరు దాకా సాగే శని భుక్తి మాత్రం భారంగా ఉంటుంది. మొదటి సంవత్సరంలో మార్కులు ఊహించినంత రాకపోతే గ్రూపు తప్పుగా ఎంచుకున్నామని అప్పుడే తేల్చవద్దు. రెండో సంవత్సరం వార్షిక పరీక్షల నాటికి బుధ భుక్తి నడుస్తుంది. అస్తంగత బుధుడు కనుక ఆరోగ్యం, నిద్ర, పరీక్షల ముందు పునశ్చరణ జాగ్రత్తగా చూసుకోవాలి.

హాస్టలు గురించి నా మాట స్పష్టం: వద్దు. చతుర్థంలో చంద్ర శనుల కలయిక మనసులోని భారాన్ని బయటికి చెప్పనివ్వదు. చతుర్థాధిపతి వ్యయంలో ఉండటం ఇంటికి దూరంగా చదివే సూచనే అయినా, అది డిగ్రీ దశలో జరిగితే మేలు. ఇంటర్ రెండేళ్ళూ ఇంటి అన్నం తింటూ, తల్లి కంటి ముందు ఉండి చదవాలి. గురుదృష్టి ఆ చతుర్థాన్ని కాపాడుతోంది, ఇంటి ఆదరణ దానికి తోడు కావాలి. మల్కాజిగిరిలోని మీ ఇంటికి అరగంట ప్రయాణంలో ఉన్న కాలేజీని, పేరు కాస్త తక్కువైనా, ఎంచుకోండి.

రత్నాల గురించి అడిగారు. కనకపుష్యరాగం అవసరం లేదు. గురువు ఇప్పటికే బలవంతుడు, పైగా మిథున లగ్నానికి కేంద్రాధిపత్య దోషం, బాధకత్వం ఉన్నవాడు. పచ్చను కూడా ఇప్పుడు ధరింపజేయవద్దు. బుధవారం విష్ణు సహస్రనామ పారాయణ, గురువారం దక్షిణామూర్తి స్తోత్రం అమ్మాయి ఇష్టపడితే చేయించండి.

జనన సమయంలో పది పన్నెండు నిమిషాల తేడా ఉంటే దశాంశ లగ్నం మారుతుంది. ఆసుపత్రి కాగితంలోని సమయాన్ని ఒకసారి సరిచూసి, తేడా ఉంటే కాలేజీలో ఫీజు కట్టే ముందే తెలియజేయండి.