వచ్చే సంక్రాంతి దాటాక చదువు

ఏరా,

ఏడాది తర్వాత నీకు చేరేలా ఈ మెయిల్ షెడ్యూల్ చేస్తున్నాను. మర్చిపోతావని రాస్తున్నా.

భీమవరం దగ్గర రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని వనామీ రొయ్య పిల్ల వదిలాను. చెక్ ట్రే పైకి లాగిన ప్రతిసారీ గుండె దడే. మేత మిగిలిందా, పెంకు మీద తెల్లమచ్చ ఉందా అని టార్చి వేసి ఒక్కో రొయ్యనీ తిప్పి చూస్తున్నాను. ఈ చలిలో ఆ జబ్బు భయం ఎక్కువ. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకంతా తేలిపోతుందని టెన్షన్. జనరేటర్‌లో డీజిల్ ఉన్నా నిద్ర పట్టదు.

అమ్మ గాజులు బ్యాంకులో ఉన్నాయి. నువ్విది చదివే నాటికి అవి ఆవిడ చేతికి రావాలి, మిగతావన్నీ తర్వాతే. ఆవిడ అడగదు. పెళ్లిళ్లలో చేతులు కొంగు చాటున పెట్టుకుంటుంది, అంతే.

చెల్లి నర్సింగ్ ఫీజు మాత్రం ఆపకు.

బాకీ తీరితే నాన్న ఎకరంలో మళ్లీ మార్టేరు స్వర్ణ ఊడ్పించాలని ఉంది. చుట్టూ చెరువులే అయ్యాక ఆ నేల ఉప్పెక్కిందేమో, ముందు మట్టి పరీక్ష చేయించు.

నష్టమొస్తే అమ్మకి దాచకు. గాజుల రసీదు బీరువాలో ఎర్ర ఫైల్లో ఉంది.

ఇట్లు,
నువ్వే