ఎదురెదురు రైళ్ల లెక్క: కలిసే సమయానికి సమీకరణం రాయడం

ఎ, బి అనే రెండు స్టేషన్ల మధ్య దూరం 435 కి.మీ. ఉదయం 6:30కి ఎ నుంచి ఒక రైలు గంటకు 60 కి.మీ. వేగంతో బి వైపు బయలుదేరింది. ఉదయం 7:45కి బి నుంచి ఇంకో రైలు గంటకు 90 కి.మీ. వేగంతో ఎ వైపు బయలుదేరింది. రెండూ పక్కపక్క పట్టాల మీద నడుస్తున్నాయి. దారిలో ఎక్కడా ఆగవు, వేగం మారదు. అవి ఎన్ని గంటలకు ఎదురుపడతాయి? ఎ నుంచి ఎంత దూరంలో?

ఈ లెక్క ఇవ్వగానే చాలామంది చేసే మొదటి పని 60, 90 కలిపి 150 అని రాసుకోవడం, 435ని 150తో భాగించడం. 2.9 వస్తుంది. అది తప్పు. కలపడం తప్పు కాదు, భాగించడమూ తప్పు కాదు. రెండు రైళ్లూ ఒకేసారి బయలుదేరాయని మనకు తెలియకుండానే అనుకున్నాం, అక్కడ వచ్చింది తేడా. 6:30, 7:45 అని లెక్కలో రెండు సమయాలు ఊరికే ఇవ్వలేదు.

అందుకే సూత్రం సంగతి పక్కన పెట్టి ముందు ఒక గీత గీయండి. ఎడమ చివర ఎ, కుడి చివర బి. ఎ దగ్గర కుడివైపు బాణం వేసి 60 అని, బి దగ్గర ఎడమవైపు బాణం వేసి 90 అని రాయండి. మధ్యలో ఎక్కడో ఒక చుక్క పెట్టండి, అక్కడే రెండూ కలుస్తాయి. చుక్క సరైన చోట పెట్టామా లేదా అన్న టెన్షన్ అక్కర్లేదు. ఇప్పుడు బొమ్మను చూస్తే ఒక విషయం కనిపిస్తుంది: ఎ నుంచి చుక్క దాకా మొదటి రైలు నడిచిన దూరం, బి నుంచి చుక్క దాకా రెండో రైలు నడిచిన దూరం. ఈ రెండు ముక్కలూ కలిస్తే మొత్తం గీత.

మొదటి రైలు దూరం + రెండో రైలు దూరం = 435

సమీకరణం ఇదే. ఇక మిగిలింది ఈ మాటల స్థానంలో అక్షరాలు, అంకెలు పెట్టడం.

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. t అంటే కాలం అని రాసి ఊరుకుంటే సరిపోదు. ఎప్పటి నుంచి మొదలైన కాలం? ఎవరి గడియారం? నోట్‌బుక్‌లో పూర్తి వాక్యం రాయమని నేను పట్టుబట్టేది ఈ ఒక్క చోటే: "రెండో రైలు బయలుదేరాక, అంటే 7:45 తర్వాత, t గంటలకు రెండూ కలుస్తాయి అనుకుందాం." ఈ వాక్యం రాసినవాళ్లు తర్వాత దారి తప్పడం నేను పెద్దగా చూడలేదు.

కలిసే క్షణానికి రెండో రైలు t గంటలు నడిచింది. కాబట్టి దాని దూరం 90t. మొదటి రైలు 6:30 నుంచే నడుస్తోంది. 6:30 నుంచి 7:45 దాకా గంటా పావు. కాబట్టి అది నడిచిన కాలం t కంటే గంటా పావు ఎక్కువ.

గంటా పావు అనగానే 1.15 అని రాసేస్తారు. గడియారంలో 1:15 కనిపిస్తుంది కదా, కోలన్ తీసి చుక్క పెడితే అయిపోయిందనుకుంటారు. గంటకు వంద నిమిషాలుంటే అది సరే. ఉన్నవి 60 కాబట్టి 15 నిమిషాలు అంటే 15/60, అంటే పావు, అంటే 0.25. గంటా పావు 1.25 లేదా 5/4. భిన్నంలో రాసుకుంటే ఈ తికమకే ఉండదు.

60(t + 5/4) + 90t = 435

బ్రాకెట్ విప్పితే

60t + 75 + 90t = 435

ఆ 75 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది రెండో రైలు ఇంకా స్టేషన్‌లో ఉండగానే మొదటి రైలు నడిచేసిన దూరం. బొమ్మలో ఎ పక్కన 75 కి.మీ. ముక్కను కొట్టేయవచ్చు. 7:45కి రెండు రైళ్ల మధ్య మిగిలింది 360 కి.మీ. మాత్రమే. 75ని కుడివైపుకు పక్షాంతరం చేసినప్పుడు మనం చేసింది సరిగ్గా ఆ కొట్టివేతే.

150t = 360
t = 2.4

ఇప్పుడు 60, 90 కలిసి 150 అయ్యాయి. మొదట్లో తొందరపడి కలిపిన అంకె ఇదే, కానీ ఇప్పుడు దానికి అర్థం ఉంది. రెండు రైళ్లూ నడుస్తున్నప్పుడు ఒక గంటలో ఒకటి 60 కి.మీ. ఇటు నుంచి తింటుంది, ఇంకొకటి 90 కి.మీ. అటు నుంచి తింటుంది. మధ్య ఉన్న ఖాళీ గంటకు 150 కి.మీ. చొప్పున తరుగుతుంది. దీన్నే సాపేక్ష వేగం అంటాం. ఖాళీ 360, తరిగే వేగం 150. రెండూ ఒకే దిక్కున పోతూ ఒకదాని వెనక ఒకటి తరుముతుంటే ఖాళీ తరిగేది తేడా లెక్కన, 30 చొప్పున. ఎదురుగా వస్తే కూడిక, వెనక తరిమితే తీసివేత అని బట్టీ పట్టేకన్నా గంటలో ఖాళీ ఎంత తరిగిందో చూసుకుంటే చాలు.

2.4 గంటలు అంటే 2 గంటల 40 నిమిషాలు కాదు. పైన గంటా పావు దగ్గర జరిగిన పొరపాటే తిరగబడి ఇక్కడ కాచుకుని ఉంటుంది. 0.4ని 60తో గుణిస్తే 24. అంటే 2 గంటల 24 నిమిషాలు. 7:45కి కలిపితే ఉదయం 10:09.

స్థలం ఎక్కడ? మొదటి రైలు నడిచింది 2.4 + 1.25 = 3.65 గంటలు. 60ని 3.65తో గుణిస్తే 219. కాబట్టి ఎ నుంచి 219 కి.మీ. దూరంలో. రెండో రైలు వైపు నుంచి సరిచూద్దాం: 90ని 2.4తో గుణిస్తే 216. 219, 216 కలిపితే 435. గీత పూర్తయింది.

ఎంతో నెమ్మదిగా నడిచే మొదటి రైలు 3 కి.మీ. ఎక్కువ దూరం వచ్చిందేమిటి అని అనుమానం రావాలి, వస్తే మంచిదే. గంటా పావు ముందు బయలుదేరిన పుణ్యం.

గడియారాన్ని మొదటి రైలు చేతికి ఇస్తే ఏమవుతుంది? t అంటే 6:30 నుంచి గడిచిన గంటలు అనుకుందాం. అప్పుడు మొదటి రైలు కాలం t, రెండోది t నుంచి గంటా పావు తక్కువ.

60t + 90(t − 5/4) = 435
150t = 547.5
t = 3.65

3.65 గంటలు అంటే 3 గంటల 39 నిమిషాలు. 6:30కి కలిపితే మళ్లీ 10:09. సమీకరణం వేరు, t విలువ వేరు, రైళ్లు కలిసే సమయం ఒక్కటే. ఆలస్యంగా బయలుదేరిన రైలు కాలాన్ని t అనుకుంటే ప్లస్ వస్తుంది, ముందు బయలుదేరినదాన్ని t అనుకుంటే మైనస్ వస్తుంది. నాకు మొదటి పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే మైనస్ ఉన్న బ్రాకెట్ విప్పేటప్పుడు గుర్తు జారిపోయే ప్రమాదం ఎక్కువ. గడియారాలు కలగాపులగం చేసి 60(t + 5/4) + 90(t − 5/4) అని రాసినవాళ్లూ ఉన్నారు. అందులో t ఎవరిదో రాసినవాళ్లకే తెలియదు.

ఇప్పుడు లెక్కను కొంచెం కదిలిద్దాం. మొదటి రైలు దారిలో, రెండూ కలవకముందే, సిగ్నల్ కోసం 15 నిమిషాలు ఆగింది అనుకోండి. మిగతా అంతా అదే. కలవడం 15 నిమిషాలు ఆలస్యమై 10:24 అవుతుందా? మొదటి రైలు నడిచిన కాలంలోంచి పావుగంట తగ్గించాలి.

60(t + 5/4 − 1/4) + 90t = 435
60t + 60 + 90t = 435
150t = 375
t = 2.5

రెండున్నర గంటలు, అంటే 10:15. ఆలస్యం 6 నిమిషాలే! మొదటి రైలు ఆగినా రెండోది ఆగలేదు కదా. మొదటిది పోగొట్టుకున్నది 15 కి.మీ., ఆ ఖాళీని రెండూ కలిసి గంటకు 150 చొప్పున పూడ్చాయి. 15ని 150తో భాగిస్తే గంటలో పదో వంతు. ఈ ఒక్క మార్పు చేసి చూస్తే పిల్లలకు సాపేక్ష వేగం ఎంత బాగా తలకెక్కుతుందో, పది మామూలు లెక్కలు చేసినా అంతగా ఎక్కదు.

ఇంకో మార్పు. రెండో రైలు మధ్యాహ్నం 2:30కి, అంటే 8 గంటలు ఆలస్యంగా బయలుదేరితే?

60(t + 8) + 90t = 435
150t = −45
t = −0.3

సమీకరణం నోరు మెదపకుండా జవాబు ఇచ్చేసింది, మైనస్ 18 నిమిషాలని. రెండో రైలు బయలుదేరడానికి 18 నిమిషాల ముందే కలిశాయి అని దాని అర్థం కాదు. 8 గంటల్లో మొదటి రైలు 480 కి.మీ. పోగలదు, దారి ఉన్నదే 435. ఒకాయన చేరిపోయాక ఇంకొకాయన బయలుదేరితే దారిలో కలవడమన్న మాటే లేదు. మనం రాసుకున్న వాక్యంలో t "7:45 తర్వాత" అని ఉంది చూశారా, ఇక్కడ "2:30 తర్వాత" అవుతుంది. తర్వాత అన్నప్పుడు t సున్నా కన్నా తక్కువ కాకూడదు. మైనస్ వస్తే కూడికలో తప్పు వెతికే ముందు కథ వైపు ఒకసారి చూడండి.

కలవడం అంటే ఇక్కడ రెండు ఇంజన్ల ముందు భాగాలు ఎదురెదురుగా రావడం. 435 కి.మీ. లెక్కలో రైలు పొడవు పట్టించుకోనవసరం లేదు. కానీ ఒకదాన్నొకటి పూర్తిగా దాటడానికి ఎంతసేపు అని అడిగితే అప్పుడు పొడవే ముఖ్యం. మొదటిది 240 మీటర్లు, రెండోది 260 మీటర్లు అనుకుంటే, ముందు భాగాలు కలిసిన క్షణం నుంచి చివరి పెట్టెలు విడిపోయేదాకా తరగాల్సింది 500 మీటర్లు. గంటకు 150 కి.మీ. అంటే 150 × 5/18 = 125/3, సెకనుకు సుమారు 41.7 మీటర్లు. 500ని 125/3తో భాగిస్తే 12 సెకన్లు.

చివరగా మీకో ప్రశ్న, పెన్ను పట్టకుండా చెప్పాలి. మొదట ఇచ్చిన లెక్కలో, రైళ్లు కలవడానికి సరిగ్గా ఒక గంట ముందు వాటి మధ్య దూరం ఎంత? 9:09కి మొదటి రైలు ఎక్కడుందో, రెండోది ఎక్కడుందో కనుక్కుని తీసివేయడం మొదలుపెట్టారంటే కష్టపడుతున్నారన్నమాట. జవాబు 150 కి.మీ. 435 వాడలేదు, 6:30 వాడలేదు, 7:45 కూడా వాడలేదు.