అద్దెకు 2 బీహెచ్‌కే ఫ్లాట్, నిజాంపేట రోడ్డు, హైదరాబాద్: తూర్పు ముఖం, 3వ అంతస్తు, లిఫ్ట్, కారు పార్కింగ్, సెమీ ఫర్నిష్డ్, నెలకు రూ. 21,000, ఓనర్ నుంచి నేరుగా, బ్రోకరేజీ లేదు

జేఎన్‌టీయూ కాలేజ్ మెట్రో స్టేషన్‌కు 2.1 కి.మీ. | కార్పెట్ ఏరియా 720 చ.అ. | 2 బాత్‌రూమ్‌లు, 2 బాల్కనీలు | మంజీరా నీరు, బోరు | ఫ్యామిలీ లేదా బ్యాచిలర్స్ | నవంబర్ 1 నుంచి ఖాళీ

2014లో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉన్న మా సొంత ఫ్లాట్‌ను అద్దెకు ఇస్తున్నాము. మేము ఆరేళ్లు ఇందులోనే కాపురమున్నాము కనుక దీని మంచీ చెడూ రెండూ మాకు తెలుసు. ఇల్లు చూసి వెళ్లాక ఫోన్‌లో చెప్పాల్సి వచ్చే సంగతులన్నీ ముందే ఇక్కడ రాస్తున్నాము, దానివల్ల మీ ఆదివారమూ మా ఆదివారమూ వృథా కాకుండా ఉంటాయి.

సేల్ డీడ్‌లో ఈ ఫ్లాట్ విస్తీర్ణం 1,080 చదరపు అడుగులు. అందులో మెట్లు, లిఫ్ట్, కారిడార్ వాటా కూడా కలిసి ఉంది కాబట్టి గోడల లోపల మీరు వాడుకునేది దాదాపు 720 చదరపు అడుగులే. హాలు, భోజనాల చోటు కలిపి 11 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉంటాయి. పెద్ద పడక గది 11×12, దానికి అటాచ్డ్ బాత్‌రూమ్ ఉంది. రెండో పడక గది 9×10 మాత్రమే. అందులో క్వీన్ సైజు మంచం పడుతుంది గానీ, మంచాన్ని కిటికీ వైపు గోడకు ఆనించకపోతే కప్‌బోర్డు తలుపు సగం తెరుచుకుని ఆగిపోతుంది. మా అబ్బాయి చదువు బల్లా సింగిల్ మంచమూ వేసుకుని ఆ గదిని హాయిగా వాడుకున్నాడు. ఇద్దరు పెద్దవాళ్లకు మాత్రం అది ఇరుకే.

ఇంటితో పాటు ఇచ్చేవి: రెండు పడక గదుల్లో కప్‌బోర్డులు, వంటింట్లో గ్రానైట్ గట్టు కింద మాడ్యులర్ అరలు, చిమ్నీ, ఐదు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, రెండు గీజర్లు, బాల్కనీలకు పావురాల వల. ఏసీ, మంచాలు, సోఫా, ఫ్రిజ్, నీళ్ల ఫిల్టర్ ఇవ్వడం లేదు. పెద్ద పడక గదిలో ఏసీకి పాయింటు, స్టెబిలైజర్ అర సిద్ధంగా ఉన్నాయి. పైపు గ్యాస్ లేదు, సిలిండరే వాడుకోవాలి. వాషింగ్ మెషీన్‌కు యుటిలిటీ బాల్కనీలో కొళాయి ఉంది.

సింహద్వారం తూర్పు వైపు, వంటిల్లు ఆగ్నేయంలో ఉన్నాయి. వాస్తు చూసుకునేవారికి ఈ మాట సరిపోతుందని అనుకుంటున్నాము. పెద్ద పడక గది మాత్రం పడమటి వైపు ఉండడంవల్ల ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక గోడ వేడెక్కి, రాత్రి పది వరకు ఆ వేడి తగ్గదు. మందపాటి కర్టెన్లు వేస్తే కొంత నయం. హాలు బాల్కనీకి ఎదురుగా ఇప్పుడు ఖాళీ స్థలం ఉండడంవల్ల ఉదయం వెలుతురు ధారాళంగా వస్తోంది. అది ప్రైవేటు ప్లాటు, అందులో ఎప్పుడైనా కట్టడం మొదలుకావచ్చు. అందుకే ఈ ప్రకటనలో ‘ఓపెన్ వ్యూ’ అని రాయలేదు.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఈ ప్రాంతంలో ఇల్లు వెతికేవారు మొదట అడిగేది అదే. మంజీరా నీరు రోజు విడిచి రోజు సంపులోకి వస్తుంది, తాగడానికీ వంటకూ అది చాలుతుంది. మిగతా వాడకానికి బోరు నీరు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది గానీ ఉప్పదనం ఎక్కువ. స్టీలు కొళాయి మీద వారంలో తెల్లటి పొర కడుతుంది, గీజర్ కాయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సి వచ్చింది (ఆ ఖర్చు మాదే). ఎండాకాలంలో బోరు తగ్గినప్పుడు అసోసియేషన్ ట్యాంకర్లు తెప్పిస్తుంది. పోయిన వేసవిలో ఏప్రిల్, మే రెండు నెలలూ మెయింటెనెన్స్‌కు అదనంగా నెలకు రూ. 700 చొప్పున ఒక్కో ఫ్లాటు మీద పడింది.

మెట్రో స్టేషన్‌ను ‘కూతవేటు దూరం’ అనడం మాకు ఇష్టం లేదు. నడిస్తే 25 నిమిషాలు పడుతుంది, చాలామంది షేర్ ఆటోలోనే వెళ్తారు. అక్కడినుంచి ఎర్ర లైన్ మీద అమీర్‌పేటకూ, ఇంకా ముందుకు ఎల్‌బీ నగర్ వరకూ రైలు మారకుండా వెళ్లవచ్చు. హైటెక్ సిటీకి బండి మీద మామూలు వేళల్లో అరగంట చాలు, ఉదయం 9 నుంచి 10:30 మధ్య మాత్రం నిజాంపేట క్రాస్‌రోడ్స్ దాటడానికే పదిహేను నిమిషాలు పోతాయి. పెద్ద వాన కురిస్తే మా వీధి మలుపులో గంటసేపు చీలమండ లోతు నీళ్లు నిలుస్తాయి, అవి పార్కింగ్‌లోకి ఇంతవరకూ రాలేదు. కూరగాయలు, పాలు, మందుల షాపు ఐదు నిమిషాల నడకలోనే దొరుకుతాయి. ఇంటి వెనక వీధిలో ఉన్న పిండి గిర్ని ఉదయం ఎనిమిది నుంచి మోగుతూ ఉంటుంది, తలుపు వేసుకుంటే పెద్దగా వినపడదు.

స్టిల్ట్‌లో ఒక కారుకూ ఒక బైకుకూ మా ఫ్లాట్ నంబరు వేసిన చోటు ఉంది. స్తంభం పక్కన కావడంవల్ల హ్యాచ్‌బ్యాక్ గానీ చిన్న సెడాన్ గానీ సులువుగా పడుతుంది, పెద్ద ఎస్‌యూవీ ఉన్నవారు తెచ్చి పెట్టి చూసుకున్నాకే నిర్ణయించుకోండి. జనరేటర్ లిఫ్ట్‌కూ, నీటి మోటారుకూ, ప్రతి ఫ్లాట్‌లో ఒక ఫ్యానుకూ రెండు లైట్లకూ పనిచేస్తుంది. వాచ్‌మన్ కుటుంబం కిందే ఉంటుంది, ప్రధాన గేటు దగ్గర సీసీ కెమెరాలు ఉన్నాయి.

అద్దె నెలకు రూ. 21,000. మెయింటెనెన్స్ రూ. 2,200 విడిగా అసోసియేషన్‌కు కట్టాలి. కరెంటుకు వేరే మీటరు ఉంది, బిల్లు మీదే. అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే రూ. 42,000. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె కోసేసుకునే పద్ధతి ఇక్కడ చాలాచోట్ల ఉంది, మేము అలా చేయము. గోడకు కన్నాలు, పగుళ్ల వంటి నష్టం ఉంటే మీ ఎదుటే లెక్క కట్టి, మిగతాది ఇల్లు అప్పగించిన ఏడు రోజుల్లో తిరిగి ఇస్తాము. ఒప్పందం 11 నెలలకు, తర్వాత కొనసాగితే అద్దె 5 శాతం పెరుగుతుంది. ఇరువైపులా ఒక నెల నోటీసు చాలు. హెచ్‌ఆర్‌ఏ కోసం అద్దె రసీదులు, మా పాన్ నంబరు ఇస్తాము.

ఉద్యోగం చేసే బ్యాచిలర్లకు, అమ్మాయిలైనా అబ్బాయిలైనా, ముగ్గురి వరకు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు. కులం, మతం, తిండి విషయాలు మేము అడగము. కుక్క ఉంటే లిఫ్ట్ విషయంలో అసోసియేషన్ నియమాలు ఉన్నాయి, ముందుగా చెప్పండి. గుర్తింపు పత్రాల నకలు, పోలీసు వెరిఫికేషన్ మాత్రం అందరికీ తప్పనిసరి.

ఇప్పుడున్న కుటుంబం అక్టోబర్ 26న ఖాళీ చేస్తుంది. ఆ తర్వాత గోడలకు రంగు వేయించి, చిన్న బాత్‌రూమ్‌లో కారుతున్న ఫ్లష్ ట్యాంకును మార్పిస్తాము. ఫొటోలు ఈ నెలలోనే, వాళ్ల సామాన్లు ఉండగా, మామూలు ఫోన్‌తో తీసినవి. పెద్ద పడక గది సీలింగ్ మూలన కనిపించే గోధుమరంగు మరక పై ఫ్లాట్ పైపు లీకు వల్ల పడింది. లీకును జూన్‌లో బాగు చేయించాము, మరక రంగు వేస్తే పోతుంది.

శని, ఆదివారాల్లో ఉదయం 10 నుంచి 1 వరకు ఇల్లు చూడవచ్చు. వచ్చే ముందు రోజు సందేశం పంపి, ఎంతమంది ఉంటారు, ఎప్పటినుంచి కావాలి, ఏ బండి ఉంది అనేవి రాయండి. లోపల చిన్నపిల్లలున్న ఇల్లు కనుక చెప్పకుండా వచ్చినవారికి వాచ్‌మన్ తలుపు తీయించడు. ఏజెంట్లు సంప్రదించవద్దని మనవి.