ఒక్క శనివారానికి మూడు థాంక్యూలు

పాత డేటాని కొత్త బిల్లింగ్ సిస్టమ్‌లోకి ఎక్కించేటప్పుడు తేదీల్లో రోజు, నెల తారుమారయ్యాయి. అప్పుడు ఆదుకున్న ముగ్గురికీ కలిపి ముందు ఇలా రాసి పెట్టుకున్నాను: "శనివారం రాత్రి ఆ తేదీల తప్పు దొరక్కపోయి ఉంటే సోమవారం పొద్దున్నే తప్పుడు గడువులతో బిల్లులు వెళ్లిపోయేవి. మీ సహాయానికి ధన్యవాదాలు." పంపబోతూ ఆగాను. ఒకరు మాకు టైమ్ ఇప్పించారు. ఒకడు ఆదివారమంతా పక్కన కూర్చున్నాడు. ఒకడు తప్పు పట్టుకున్నాడు. అందుకే విడివిడిగా రాశాను.

మేడమ్‌కి, ఈమెయిల్

విషయం: బిల్లింగ్ సిస్టమ్ బుధవారానికి వాయిదా వేయించినందుకు

నమస్తే మేడమ్,

కొత్త సిస్టమ్ నిన్న పొద్దున మొదలైంది. మొదటి రోజు 640 బిల్లులు వెళ్లాయి. గడువు తేదీ తప్పుందని ఒక్క ఫోన్ కూడా రాలేదు.

శనివారం రాత్రి పదిన్నరకి మీకు ఫోన్ చేసేటప్పటికి తేదీలు తారుమారయ్యాయని తప్ప నా దగ్గర ఇంకే వివరమూ లేదు. ఎవరి వల్ల జరిగిందని మీరు అడగలేదు, సరిచేయడానికి ఎన్ని రోజులు కావాలని అడిగారు. వాయిదా సంగతి పైవాళ్లకి మీరే చెబుతానన్నారు, చెప్పారు. దాంతో మేం సంజాయిషీలు రాసుకుంటూ కూర్చోకుండా ఆ రెండు రోజులూ పని మీదే ఉండగలిగాం. మా టీమ్ తరఫున కృతజ్ఞతలు.

ఒక విషయం మీ దృష్టికి తేవాలి. తప్పు మొదట గమనించింది నేను కాదు, ఏడు నెలల క్రితం మా టీమ్‌లో చేరిన అబ్బాయి. అకౌంట్స్ టీమ్ లీడ్ కూడా తనకి సంబంధం లేకపోయినా ఆదివారమంతా వచ్చి కూర్చున్నారు. వీలైతే రివ్యూ మీటింగ్‌లో వాళ్లిద్దరి గురించీ మీరు ఒక మాట అంటే వాళ్లకి చాలా బలంగా ఉంటుంది.

నమస్కారాలతో,
బిల్లింగ్ టీమ్ లీడ్

అకౌంట్స్‌లో ఉన్న ఫ్రెండ్‌కి, వాట్సాప్

గురూ, నిద్ర తీరిందా?

ఆదివారం అది నీ పనే కాదు. నేను అడగను కూడా అడగలేదు. "పాత లెడ్జర్ నా దగ్గరుంది, వస్తున్నా" అని మెసేజ్ పెట్టి వచ్చేశావ్. చేత్తో ఎక్కించిన ఎంట్రీలు కూడా కలిసిపోయాయి కాబట్టి ఒక్క దెబ్బకి అన్నీ తిప్పేయడానికి లేకపోయింది. నువ్వు చదువుతుంటే నేను స్క్రీన్ మీద చూసుకుంటూ పోయాను. 12వ తేదీ దాటినవి చూడక్కర్లేదు, రోజూ నెలా ఒకటే అంకె ఉన్నవీ వదిలేద్దాం అని నువ్వు అనకపోతే ఇంకా అక్కడే ఉండేవాళ్లం.

మధ్యలో రెండుసార్లు విసుక్కున్నా. కోపం నీ మీద కాదు, కానీ నీ మీదే పడింది. సారీ రా.

మేడమ్‌కి మెయిల్‌లో నీ సంగతి రాశా. నెలాఖరు క్లోజింగ్‌కి మీవాళ్లు ఎంతమంది ఉన్నా సరే, నేను వచ్చి కూర్చుంటా. పిలవడం మర్చిపోకు.

మా టీమ్ అబ్బాయికి

తమ్ముడూ,

ఆ రోజు గ్రూప్‌లో "గుడ్ జాబ్" అని పెట్టి ఊరుకున్నాను. అది చాలదు. నువ్వు చేసిందేమిటో నీకే పూర్తిగా తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నా.

సిస్టమ్ రోజుని నెలగా, నెలని రోజుగా చదివింది. 25వ నెల ఉండదు కాబట్టి 25వ తేదీ లాంటివి ఎర్రర్ కొట్టి ఆగిపోయాయి, వాటిని సరిచేశాం. 05/08 లాంటివి మాత్రం ఆగస్టు 5 కాస్తా మే 8గా మారిపోయి చడీచప్పుడు లేకుండా లోపలికెళ్లాయి. ఎర్రర్ లిస్ట్ ఖాళీ అయింది గనక అంతా బాగుందనుకున్నా. నువ్వు లిస్ట్‌తో ఆగలేదు, బిల్లు తెరిచి చూశావు. "కొన్న తేదీ కంటే గడువు ముందుంది, ఇదెలా?" అన్నావు.

నేను "టెస్ట్ డేటా అయ్యుంటుందిలే" అని కొట్టిపారేశాను. అరగంటకి మళ్లీ వచ్చావు, ఈసారి అలాంటివే పది బిల్లులు పట్టుకుని. ఒకసారి కాదన్న లీడ్ దగ్గరికి మళ్లీ రావడం చిన్న విషయం కాదు. మొదటిసారే వినాల్సింది, తప్పు నాదే. నీ సంగతి మేడమ్‌కి రాశాను.

ఇకనుంచి డేటా లోపలికి ఎక్కించే ముందు చివరి చెకింగ్ నీది. నీకు అనుమానం వస్తే ఆపేయ్, కారణం తర్వాత చెప్పినా పర్లేదు. ఎవరైనా అడిగితే నేను ఆపమన్నానని చెప్పు.

శని, ఆదివారాలకి బదులు సోమ, మంగళవారాలు కాంప్ ఆఫ్ అప్రూవ్ చేశాను. ఆ రెండు రోజులూ ల్యాప్‌టాప్ తెరవకు.