గేటు మీద రాసిన అక్షరాలు: నాయిస్ మార్జిన్, ఫ్యాన్-అవుట్, ప్రాపగేషన్ డిలే
(డిజిటల్ సర్క్యూట్స్ ల్యాబ్ నోటు, విశాఖపట్నం)

జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లి "నాండ్ గేటు ఐసీ ఇవ్వండి" అంటే స్టాకులో ఉన్నది ఇస్తారు. అది 7400 కావచ్చు, 74LS00 కావచ్చు, 74HC00 కావచ్చు. మూడింటిలోనూ నాలుగు నాండ్ గేట్లే, పిన్నులు అవే, ట్రూత్ టేబుల్ అదే. అందుకే అక్షరాలకు పెద్ద అర్థం లేదనుకుంటారు. కానీ ఒక గేటు ఇంకో గేటుతో నమ్మకంగా మాట్లాడగలదా లేదా అన్నది ట్రూత్ టేబుల్ చెప్పదు, ఆ అక్షరాలే చెబుతాయి. ఈ నోటు చదివేటప్పుడు డేటాషీటు పక్కన పెట్టుకోండి.

డేటాషీటులో "టిపికల్" అనే కాలమ్ చూసి డిజైన్ చేయకండి. మీ చేతిలోని ఐసీ టిపికల్‌గా ఉంటుందని తయారీదారు హామీ ఇవ్వడు. హామీ ఇచ్చేది మినిమమ్, మాగ్జిమమ్ కాలమ్‌లలోని విలువలకే. కింది పట్టికలో అన్నీ ఆ హామీ విలువలే. వోల్టేజీలు వోల్టుల్లో, కరెంట్లు మిల్లీయాంపియర్లలో, డిలే నానోసెకన్లలో ఉన్నాయి. పేర్లలో మొదటి అక్షరం V అంటే వోల్టేజీ, I అంటే కరెంటు; రెండోది O అంటే అవుట్‌పుట్, I అంటే ఇన్‌పుట్; చివరిది H అంటే హై, L అంటే లో. tp అంటే ప్రాపగేషన్ డిలే.

| | 7400 | 74LS00 | 74HC00 (4.5 వోల్టుల సప్లై) | CD4011B (5 వోల్టుల సప్లై) |
|---|---|---|---|---|
| VOH కనిష్ఠం | 2.4 | 2.7 | 3.84 | 4.95 |
| VOL గరిష్ఠం | 0.4 | 0.5 | 0.33 | 0.05 |
| VIH కనిష్ఠం | 2.0 | 2.0 | 3.15 | 3.5 |
| VIL గరిష్ఠం | 0.8 | 0.8 | 1.35 | 1.5 |
| IOL | 16 | 8 | 4 | 0.51 |
| IIL | 1.6 | 0.4 | 0.001 | 0.001 |
| tp గరిష్ఠం | 22 | 15 | 18 | 250 |

74HC00 వోల్టేజీలు అవుట్‌పుట్ 4 మిల్లీయాంపియర్లు మోస్తున్నప్పటివి. CD4011B వోల్టేజీలు దాదాపు ఏ లోడూ లేనప్పటివి.

నాయిస్ మార్జిన్

పంపే గేటు "నా హై ఎంత తగ్గినా VOH కంటే తగ్గదు" అంటుంది. తీసుకునే గేటు "VIH దాటి ఎంత వచ్చినా హైగానే చదువుతాను" అంటుంది. ఈ రెండింటి మధ్య మిగిలిన వోల్టేజీయే తీగలో దూరిన గోలకు మనం ఇవ్వగల చోటు.

```
NMH = VOH - VIH
NML = VIL - VOL
```

7400కి రెండూ 0.4 వోల్టులే. 74LS00కి NMH 0.7, NML 0.3. రెండింటిలో చిన్నదే మీ అసలు మార్జిన్, కాబట్టి ఎల్‌ఎస్ గేటుకు అది 0.3 వోల్టులు. 74HC00ని లోడు లేకుండా చూస్తే (VOH 4.4, VOL 0.1) రెండు వైపులా 1.25 వోల్టులు వస్తుంది. అదే గేటు నుంచి 4 మిల్లీయాంపియర్లు లాగితే NMH 0.69కి పడిపోతుంది. అంటే నాయిస్ మార్జిన్ గేటుకు పుట్టుకతో వచ్చిన స్థిర సంఖ్య కాదు. ఎంత లోడు పెడితే అంత కరుగుతుంది. ఒక అవుట్‌పుట్ నమ్మకంగా ఎన్ని ఇన్‌పుట్‌లను నడపగలదు అనే ఫ్యాన్-అవుట్ లెక్క దీన్నుంచే పుడుతుంది.

0.3 వోల్టులు ఎంత త్వరగా ఖర్చయిపోతాయో చూడండి. బ్రెడ్‌బోర్డు మీద పది 74LS00లు ఉంటే, ఒక్కోటి గరిష్ఠంగా 4.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, మొత్తం 44. పక్కన ఎనిమిది ఎల్‌ఈడీలు ఒక్కోటి 10 చొప్పున 80. రెండూ కలిపి సుమారు 125 మిల్లీయాంపియర్లు ఒకే గ్రౌండ్ తీగలోంచి వెనక్కి వెళ్తాయి. ఆ తీగ దిగిన రంధ్రంలో కాంటాక్టు రెసిస్టెన్స్ ఒక ఓమ్ ఉంటే గ్రౌండే 0.125 వోల్టులు పైకి లేస్తుంది. మార్జిన్‌లో మూడో వంతుకు పైగా అక్కడే పోయింది.

మన ఊళ్లో ఇది ఊహాగణితం కాదు. సముద్రపు గాలికి ఉప్పు, తేమ పట్టి ఐసీ కాళ్లు, బ్రెడ్‌బోర్డు క్లిప్పులు త్వరగా నల్లబడతాయి. కాళ్లు నల్లగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది గుచ్చండి. సర్క్యూట్ నడుస్తుండగా మల్టీమీటర్‌ని మిల్లీవోల్టు రేంజిలో పెట్టి, సప్లై మైనస్ టెర్మినల్‌కీ ఐసీ 7వ కాలుకీ మధ్య కొలవండి. 50 మిల్లీవోల్టులు దాటితే ఇంకో గ్రౌండ్ తీగ వేయండి. ప్రతి ఐసీ పక్కనా 14వ పిన్నుకీ 7వ పిన్నుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ (మీద 104 అని ఉంటుంది) పెట్టడం తప్పనిసరి. గేటు మారే క్షణంలో లాగే కరెంటు పొడవైన సప్లై తీగల్లోంచి కాకుండా దీన్నుంచి రావాలి.

ఫ్యాన్-అవుట్

7400, 74LS00 చెందిన టీటీఎల్‌లో అవుట్‌పుట్ లో అయినప్పుడు, అది నడిపే ప్రతి ఇన్‌పుట్ నుంచీ IIL కరెంటు బయటికి వచ్చి ఈ అవుట్‌పుట్‌లోకే దిగుతుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ అన్నింటినీ మింగాలి. IOL దాటితే VOL పైకి లేచి NMLని తింటుంది. అవుట్‌పుట్ హై అయినప్పుడు దిశ తిరగబడి, ప్రతి ఇన్‌పుట్ IIH తీసుకుంటుంది. కాబట్టి రెండు లెక్కలు వేసి, చిన్నది ఎంచుకోవాలి.

```
N = min( IOL / IIL , IOH / IIH )
```

7400కి IOH 0.4, IIH 0.04 మిల్లీయాంపియర్లు. 16/1.6 = 10, 0.4/0.04 = 10. రెండూ సరిపోయాయి. అందుకే చాలామంది ఒక్క లెక్కే వేసి వదిలేస్తారు. కుటుంబాలు కలిపితే ఆ అలవాటు దెబ్బతీస్తుంది. 7400 అవుట్‌పుట్ 74LS00 ఇన్‌పుట్‌లను నడిపితే (ఎల్‌ఎస్ IIH 0.02) లో వైపు 16/0.4 = 40, హై వైపు 0.4/0.02 = 20. జవాబు 20. తిప్పి 74LS00 (IOH 0.4) 7400లను నడిపితే లో వైపు 8/1.6 = 5, హై వైపు 10. జవాబు 5.

నాండ్ రెండు ఇన్‌పుట్‌లూ కలిపి ఇన్వర్టర్ చేసినప్పుడు లోడు ఎంత? ఇంటర్నల్ పరీక్షల్లో ఇక్కడ మార్కులు పోతుంటాయి. లోపల రెండు ఇన్‌పుట్‌లకూ ఒకే బేస్ రెసిస్టర్ కాబట్టి లో వైపు కరెంటు ఒక ఇన్‌పుట్ అంతే, రెట్టింపు కాదు. హై వైపు లీకేజీ మాత్రం రెండింటికీ విడివిడిగా లెక్కవుతుంది, రెట్టింపు అవుతుంది.

74HC00, CD4011B చెందిన సీమాస్‌లో డీసీ లెక్క అర్థరహితంగా పెద్దది: 74HC00కి 4/0.001 = 4000. నాలుగు వేల ఇన్‌పుట్‌లు ఎవరూ పెట్టరు. అక్కడ హద్దు పెట్టేది కెపాసిటెన్స్. ఒక్కో హెచ్‌సీ ఇన్‌పుట్ టిపికల్‌గా 3, గరిష్ఠంగా 10 పికోఫారడ్‌లు. హెచ్‌సీ అవుట్‌పుట్ రెసిస్టెన్స్‌ను పట్టికలోంచే అంచనా వేయొచ్చు: 0.33 వోల్టులు / 4 మిల్లీయాంపియర్లు, అంటే సుమారు 80 ఓమ్‌లు. అదనంగా పది ఇన్‌పుట్‌లు, 100 పికోఫారడ్‌లు పెడితే 0.7RC ప్రకారం సుమారు 5.6 నానోసెకన్ల డిలే కలుస్తుంది. టీటీఎల్‌లో లోడు మొదట మార్జిన్‌ని తింటుంది, సీమాస్‌లో వేగాన్ని తింటుంది.

ప్రాపగేషన్ డిలే

ఇన్‌పుట్ అంచు ఒక నిర్ణీత వోల్టేజీ దాటిన క్షణం నుంచి అవుట్‌పుట్ అంచు అదే వోల్టేజీ దాటేవరకు పట్టే సమయం ఇది. ఆ వోల్టేజీ 7400కి 1.5, ఎల్‌ఎస్‌కి 1.3, సీమాస్‌కి సప్లైలో సగం. అవుట్‌పుట్ పడిపోతే tPHL, లేస్తే tPLH. 7400లో tPLH ఎక్కువ. సాచురేషన్‌లోకి వెళ్లిన ట్రాన్సిస్టర్ బేస్‌లో నిలవున్న చార్జ్ ఖాళీ అయ్యేదాకా ఆగిపోదు. ఎల్‌ఎస్‌లో షాట్కీ డయోడ్ ఆ సాచురేషన్‌ని అడ్డుకుంటుంది. ఈసీఎల్ అనే ఇంకో రకంలో ట్రాన్సిస్టర్లు సాచురేషన్‌లోకి వెళ్లనే వెళ్లవు. అందుకే దాని 10కే కుటుంబంలో డిలే 2 నానోసెకన్ల స్థాయికి వచ్చింది. అయితే వోల్టేజీ ఊపు కూడా చిన్నదే, హై వైపు మార్జిన్ 0.125 వోల్టులే.

డిలే ఒక్క గేటులో చిన్నదిగా కనిపిస్తుంది, గొలుసులో అలా చిన్నదిగా ఉండదు. తొమ్మిదేసి నాండ్‌లతో చేసిన నాలుగు ఫుల్ యాడర్లు వరసగా కలపండి. మొదటి దశలో A నుంచి క్యారీ వరకు 5 గేట్లు, తరువాతి రెండు దశల్లో క్యారీకి రెండేసి, చివరి సమ్ రావడానికి 3. మొత్తం 12. 74LS00తో 12 × 15 = 180 నానోసెకన్లు. అంటే సమ్‌ని దాదాపు 5.5 మెగాహెర్ట్జ్ కంటే వేగంగా చదవకూడదు. CD4011Bతో అదే సర్క్యూట్‌కి 3 మైక్రోసెకన్లు.

కుటుంబాలు కలిపితే

5 వోల్టుల సప్లై మీద 74HC00 VIH 3.5 వోల్టులు. 74LS00 హామీ ఇచ్చే VOH 2.7. కాబట్టి NMH = -0.8 వోల్టులు. మార్జిన్ రుణాత్మకం. చెడ్డ విషయం ఏమిటంటే, ఎల్‌ఎస్ అవుట్‌పుట్ సాధారణంగా 2.7 కంటే పైనే ఉంటుంది కాబట్టి టేబుల్ మీద పని చేస్తుంది, ఐసీ మార్చినప్పుడో ఇంకో లోడు కలిపినప్పుడో ఆగిపోతుంది. సరైన పరిష్కారం 74HCT00. దాని VIH 2.0, VIL 0.8, అంటే టీటీఎల్ హద్దులే.

దొరక్కపోతే ఎల్‌ఎస్ అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకు పుల్-అప్ రెసిస్టర్ పెట్టండి. 4.7 కిలోఓమ్‌లైతే లో స్థితిలో సుమారు 1 మిల్లీయాంపియరే అదనం. కానీ 20 పికోఫారడ్‌ల తీగతో RC 94 నానోసెకన్లు, 2.7 నుంచి 3.5కి ఎక్కడానికి సుమారు 40 నానోసెకన్లు. 1 కిలోఓమ్ పెడితే అది 8.5కి తగ్గుతుంది, కానీ IOLలో 5 మిల్లీయాంపియర్లు పోతాయి. హెచ్‌సీ నుంచి ఎల్‌ఎస్‌కి మాత్రం నేరుగా కలపవచ్చు, పది ఇన్‌పుట్‌ల వరకు.

ల్యాబ్‌లో డిలే కొలవడం

20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓ రైజ్ టైమే సుమారు 17.5 నానోసెకన్లు. దాంతో ఒక గేటు 10 నానోసెకన్ల డిలేని నేరుగా కొలవలేరు. 74LS04లో ఐదు ఇన్వర్టర్లతో రింగ్ ఆసిలేటర్ చేయండి, ఆరోది ప్రోబ్‌కి బఫర్.

```
2-3   4-5   6-9   8-11   10-1   10-13
CRO : 12    VCC : 14    GND : 7
tp = T / (2 x 5)
```

టిపికల్ 9.5 నానోసెకన్ల సగటు డిలేకి T సుమారు 95 నానోసెకన్లు, పౌనఃపున్యం 10.5 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. ప్రోబ్‌ని ×10లో పెట్టండి. రింగ్ లోపలి నోడ్‌కి తగిలిస్తే ప్రోబ్ కెపాసిటెన్స్ కూడా కొలతలో కలిసిపోతుంది. తరువాత 1వ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 47 పికోఫారడ్‌లు పెట్టి T మళ్లీ కొలవండి. పెరిగిన మొత్తం ఆ కెపాసిటర్‌ని నడిపే ఒక్క గేటుదే. ఒక పూర్తి చక్రంలో దాని రెండు అంచులూ కలిసి ఉంటాయి కాబట్టి 2తో భాగించి రికార్డులో రాయండి.

తరంగం రాకపోతే మొదట 14వ పిన్ను వోల్టేజీ చూడండి. 12వ పిన్ను కదలకుండా హైలోనో లోలోనో నిలిచిపోతే ఎక్కడో ఒక జంపర్ తెగింది లేదా రింగ్‌లో సరి సంఖ్య ఇన్వర్టర్లు పడ్డాయి. తెగిన చోట తేలిపోయిన ఎల్‌ఎస్ ఇన్‌పుట్ హైగా చదువుకుంటుంది కాబట్టి, ఇన్‌పుట్ 1.5 వోల్టుల చుట్టూ ఉండి అవుట్‌పుట్ లోగా ఉన్న ఇన్వర్టర్ దగ్గరే వెతకండి. 74HC04తో చేసినప్పుడైతే తేలిన ఇన్‌పుట్ ఎక్కడైనా నిలవచ్చు, ఐసీ వేడెక్కవచ్చు. అందుకే వాడని హెచ్‌సీ ఇన్‌పుట్‌లన్నింటినీ సప్లై ఇచ్చే ముందే గ్రౌండ్‌కి కట్టేయండి.